కొలీగ్ చూపించే శ్రద్ధ ఏమిటో అర్థం కావట్లేదని దూరదేశం నుంచి అమ్మాయి రాసింది, ఏం జవాబు రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్ళు, వేరే దేశంలో ఉద్యోగం, చేరి ఏడు నెలలైంది. నిన్న పెద్ద ఉత్తరం రాసింది. టీమ్‌లో ఒక సీనియర్ రోజూ తన సీటు దగ్గరికొస్తాడట, అడక్కుండానే కాఫీ తెచ్చి పెడతాడట, రాత్రిళ్ళు కూడా మెసేజ్ పెడతాడట. "అమ్మా, ఇది మంచితనమో ఇంకేదైనానో నాకు తెలియట్లేదు. తప్పుగా అనుకుంటే మంచి మనిషిని బాధపెట్టినట్టు, అనుకోకపోతే రేపు ఏమవుతుందోనని భయం. నువ్వే చెప్పు" అంది. నేను ఏమని రాయాలి?

జవాబు:

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. అతని మనసులో ఏముందో కనిపెట్టే పని మీరూ పెట్టుకోకండి, అమ్మాయినీ పెట్టుకోవద్దని రాయండి. దానికి బదులు ఒక చిన్న హద్దు మాటల్లో స్పష్టంగా ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత రెండు మూడు వారాలు అతను ఏం చేస్తాడో చూడమనండి. మీ అమ్మాయికి కావాల్సిన జవాబు అందులోనే దొరుకుతుంది. అప్పటిదాకా అతన్ని నిందించక్కర్లేదు, కంప్లైంట్ అక్కర్లేదు, ఉద్యోగం మారే ఆలోచన అసలే అక్కర్లేదు. అయితే అతను ఒంటి మీద చెయ్యి వేసినా, బెదిరించినా, "నా మాట వింటే నీ ప్రమోషన్ నేను చూసుకుంటా" లాంటి మాట అన్నా ఈ పద్ధతి వర్తించదు, అప్పుడు ఆగకుండా అదే రోజు రాతపూర్వకంగా హెచ్‌ఆర్‌కి చెప్పాల్సిందే.

నేను 19 ఏళ్ళు హెచ్‌ఆర్‌లో పనిచేశాను, అందులో 11 ఏళ్ళు ఇలాంటి కంప్లైంట్లు వినే కమిటీలో కూర్చున్నాను. మా దగ్గర రకరకాల దేశాల వాళ్ళు కలిసి పనిచేసేవాళ్ళు కాబట్టి మీ అమ్మాయి రాసిన ఈ "తెలియట్లేదు" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. అది అమాయకత్వం కాదు, నిజంగానే తెలియదు, ఎవరికీ తెలియదు. ఎందుకో చెప్తాను.

సీటు దగ్గరికి రావడం, కాఫీ తేవడం, మెసేజ్ పెట్టడం ఈ మూడూ ఒక మంచి సీనియర్ చేసే పనులే, ఇష్టపడ్డవాడు చేసే పనులూ అవే, అలుసు చూసుకుని దగ్గరయ్యేవాడు మొదట్లో చేసే పనులూ అవే. చూపుని బట్టీ నవ్వుని బట్టీ తెలుసుకోవచ్చు అనుకుంటాం కానీ మనుషులు ఇందులో బాగా పొరబడతారు. 1982లో ఆంటోనియా ఆబీ అనే సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేసింది, ఒక అబ్బాయి ఒక అమ్మాయి కాసేపు మామూలుగా మాట్లాడుకుంటే ఇంకో అబ్బాయి ఇంకో అమ్మాయి చాటు నుంచి చూశారు. ఆ మాట్లాడిన అమ్మాయి మామూలుగా స్నేహంగా ఉన్నదాన్ని కూడా మగవాళ్ళు ఆకర్షణ కిందే ఎక్కువ లెక్కేశారు, ఆడవాళ్ళు అంతగా లెక్కేయలేదు. అంటే మీ అమ్మాయి అతని తీరు చూసి ఎంత తికమక పడుతోందో, ఆమె మర్యాదకి చెప్పే "థాంక్యూ"ని అతను కూడా అంత తప్పుగా చదువుతూ ఉండే అవకాశం ఉంది. ఇద్దరి మధ్యా మాటే లేకుండా ఊహలే నడుస్తుంటే అది రోజురోజుకీ చిక్కుపడుతుందే గానీ తేలదు.

పైగా ఆమె ఉన్నది కొత్త దేశంలో. అక్కడ ఎంత చనువు మామూలో, ఎంత ఎక్కువో ఆమెకి ఇంకా చేతికి రాలేదు. దీనికి నేను చెప్పే కొలత ఒక్కటే, ఆ దేశం అలవాటు ఏమిటని కాకుండా ఆ మనిషి అదే ఆఫీసులో మిగతావాళ్ళతో ఎలా ఉంటాడు అని చూడమనండి. కొత్తగా చేరిన అబ్బాయి సీటు దగ్గరికి కూడా వెళ్తాడా? కాఫీ ఇద్దరు ముగ్గురికి తెస్తాడా, ఈమెకొక్కదానికేనా? అందరి ముందు మాట్లాడేదీ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడేదీ ఒకేలా ఉంటుందా? ఒక వారం ఊరికే గమనిస్తే చాలు.

ఇలా చూడడం వల్ల తేలిపోయిన కేసు ఒకటి చెప్తాను. ఒకమ్మాయి దాదాపు ఏడుస్తూ వచ్చింది నా దగ్గరికి, పెద్దాయన, ఆమె కంటే పదిహేనేళ్ళు పెద్ద, రోజుకి రెండుసార్లు వచ్చి కుర్చీ వెనకాల నిలబడి స్క్రీన్ చూస్తాడట. కంప్లైంట్ రాసుకుని వచ్చింది కూడా. నేను ఆ కాగితం పక్కన పెట్టమని, ఇంతకుముందు ఆయన కింద కొత్తగా చేరినవాళ్ళు ఎవరో వాళ్ళని మాటల్లో కదిపి చూడు అన్నాను. ముగ్గురున్నారు, అందులో ఇద్దరు అబ్బాయిలు, ముగ్గురూ "అబ్బో మాక్కూడా అంతే, వెనకాల నిలబడితే చెమటలు పట్టేవి" అన్నారు. ఆ తర్వాత ఆమె ఆయనతో "మీరు వెనక నిలబడి చూస్తుంటే నాకు పని సాగట్లేదు, వారానికి ఒకసారి కూర్చుని డౌట్లన్నీ అడుగుతాను" అంది. ఆయన కాస్త తెల్లబోయి, సారీ చెప్పి, మంగళవారం అరగంట పెట్టాడు, మళ్ళీ ఎప్పుడూ వెనక నిలబడలేదు. ఆయనలో వేరే ఉద్దేశం లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను, కానీ ఆమె ఇబ్బంది మాత్రం నిజమే కదా. ఇది గమనించండి, ఉద్దేశం మంచిదైనా కాకపోయినా హద్దు చెప్పే హక్కు ఆమెకి ఉంది. "అతను మంచివాడైతే బాధపడతాడేమో" అన్న భయం అందుకే పెట్టుకోనక్కర్లేదు, మంచివాడికి ఒక మాట చాలు, బాధ ఒక పూట ఉంటుంది పోతుంది.

ఇప్పుడు ఆ హద్దు ఎలా చెప్పాలో, అసలు కష్టం ఇక్కడే. మీ అమ్మాయి చెప్పిన మూడింట్లో రాత్రి మెసేజ్‌లతో మొదలుపెట్టమనండి. సీటు దగ్గరికి రావడం పనిలో భాగం అని అతను అనొచ్చు, కాఫీ మర్యాద అనొచ్చు, రాత్రి పదిన్నరకి పర్సనల్ ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌కి అలాంటి సాకు తక్కువ. రెండోది, అది రాతలో ఉంటుంది, ఆమె ఏం చెప్పిందో అతను ఏమన్నాడో తేదీతో సహా మిగులుతుంది.

మాట చిన్నగా ఉండాలి. "పని విషయాలు ఆఫీస్ చాట్‌లో పెట్టండి, రాత్రి ఎనిమిది తర్వాత నేను మెసేజ్‌లు చూడను." అంతే. కారణం చెప్పొద్దు, సారీ చెప్పొద్దు, చివర్లో నవ్వు బొమ్మ పెట్టొద్దు. ఈ మూడూ ఎందుకంటున్నానంటే, కారణం చెప్తే అతను ఆ కారణంతో వాదించడం మొదలుపెడతాడు. "తొందరగా పడుకుంటాను" అంటే "సరే అయితే ఏడింటికి పెడతా" అంటాడు. నవ్వు బొమ్మ పెడితే మొత్తం మాటే సరదా కింద పోతుంది.

అబద్ధాలు కూడా వద్దు. ఫోన్ పాడైంది, నాకు బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు, ఇలాంటివి చాలామంది అమ్మాయిలు చెప్తారు, ఆ క్షణానికి తప్పించుకోవచ్చు కానీ నష్టం రెండు రకాలు. బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు అంటే అతను లేకపోతే పర్వాలేదన్నమాట అని ఎదుటివాడికి వినిపిస్తుంది. ఇంకోటి, రేపు విషయం కమిటీ దాకా వస్తే ఆ అబద్ధాన్ని పట్టుకుని ఆమె మాటలన్నీ అనుమానిస్తారు. అలా జరగడం నేను కళ్ళారా చూశాను, నాకు చాలా బాధేసింది, అమ్మాయి చెప్పిన మిగతాదంతా నిజమే.

జవాబివ్వకుండా ఊరుకోవడం కూడా హద్దు కాదు. ఆమె చెప్పాననుకుంటుంది, అతనికి ఏదీ చేరదు.

చెప్పాక ఏం జరగొచ్చో చెప్తాను. ఎక్కువసార్లు నేను చూసింది, మెసేజ్‌లు ఆగిపోతాయి, పొద్దున ఆఫీసులో మామూలుగా పలకరిస్తాడు, పనిలో సాయం అంతకుముందులానే ఉంటుంది. ఇలా జరిగితే ఇక తవ్వొద్దు. మనసులో ఇష్టం ఉండి ఉండొచ్చు, లేకపోవచ్చు, దాన్ని తనలోనే పెట్టుకుని మర్యాదగా ఉన్న మనిషితో మీ అమ్మాయికి ఇబ్బంది లేదు.

కొందరు ఈ మాట తర్వాత మనసులో మాట చెప్పేస్తారు, "నువ్వంటే నాకిష్టం, ఒకసారి బయట కలుద్దామా" అని. అడగడం దానంతట అది నేరం కాదు, ఈ విషయంలో భయపడి పోవద్దని అమ్మాయికి రాయండి. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలు కొలీగ్‌ని బయటికి రమ్మని ఒక్కసారే అడగొచ్చు అని రూల్ పెట్టుకున్నాయని 2018లో వార్తల్లో వచ్చింది, అందులో ఫేస్‌బుక్ వాళ్ళు ఇంకో మాట చెప్పారు, "ఆ రోజు కుదరదు", "బిజీగా ఉన్నాను" అన్నా అది కాదన్నట్టే లెక్క, మళ్ళీ అడక్కూడదు అని. అన్ని కంపెనీల్లో ఇది రాసి ఉండదు, కానీ కొలతగా వాడుకోవడానికి బాగుంటుంది. ఒకసారి అడగడం ఇష్టం, కాదన్నాక మళ్ళీ అడగడం వేధింపు మొదలవడం. అయినా మీ అమ్మాయి మాత్రం "బిజీ" అనకుండా "నాకు ఆ ఉద్దేశం లేదు" అని తేల్చి చెప్తేనే మంచిది.

మూడో రకం వాడు హద్దుని పట్టుకుని లాగి చూస్తాడు. "నేను సాయం చేద్దామనుకుంటే నువ్వేమనుకున్నావ్" అని ఆమెనే తప్పు పట్టడం, రెండు రోజులు ఆగి వేరే యాప్‌లో మెసేజ్ పెట్టడం, లేదా మాట్లాడడం పూర్తిగా మానేసి పనిలో ముడులు వేయడం. ఇది కనిపించిన రోజు మీ అమ్మాయి "తెలియట్లేదు" అనుకోవాల్సిన పని అయిపోయినట్టే.

ఈ మూడో రకంలో పనిలో ముడులు వేయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదే కంటికి కనపడనిది. నేను విన్న ఒక కేసులో ఆ అమ్మాయి మార్చి చివర్లో సీనియర్‌కి కాదని చెప్పింది, చాలా మర్యాదగా. రెండు వారాలు ఏమీ లేదు, ఊపిరి పీల్చుకుంది. ఏప్రిల్ మధ్యలో గురువారం క్లయింట్ కాల్ నుంచి ఆమె పేరు తీసేశారు, అడిగితే "నీకు పని ఎక్కువైందని" అన్నాడు. తర్వాత ఆమె పంపిన పని అతను చూడడానికి అంతకుముందు అదే రోజు అయ్యేది, ఇప్పుడు ఐదారు రోజులు పడుతోంది, దాంతో ఆమె గడువులు తప్పుతున్నాయి. జూలైలో వచ్చిన రివ్యూలో "టీమ్‌తో కలవదు, గడువులు పాటించదు" అని రాశారు. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ అర్థం లేదు, ప్రతిదానికీ ఒక సాకు ఉంది. ఆమెని నిలబెట్టింది చిన్న డైరీ. కాదని చెప్పిన రోజు నుంచీ రాసుకుంది, తేదీ, సమయం, ఎక్కడ, అతను అన్న మాట అన్నట్టుగానే, పక్కన ఎవరున్నారు, తను ఏం జవాబిచ్చింది. పని ఎప్పుడు పంపింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నది పక్కన ఒక వరసలో. మార్చికి ముందూ తర్వాతా ఆ వరసని పక్కపక్కన పెట్టి చూడగానే మా కమిటీలో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. రివ్యూ మార్చారు, ఆమెని వేరే మేనేజర్ కిందకి మార్చారు.

కాబట్టి ఈ రోజు నుంచే రాసుకోమనండి, ఏమీ జరగకపోయినా సరే, ఏమీ లేకపోతే ఆ నోట్‌బుక్ చింపేయొచ్చు. తన అభిప్రాయాలు రాయొద్దు, "వింతగా చూశాడు" అని రాస్తే ఉపయోగం లేదు, "12వ తేదీ రాత్రి 10:40కి నిద్రపోయావా అని పెట్టాడు, నేను జవాబివ్వలేదు" అని రాయాలి. పర్సనల్ ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, చిరాకులో డిలీట్ చేసేస్తారు చాలామంది. కానీ ఆఫీస్ మెయిళ్ళు, ఆఫీస్ ఫైళ్ళు తన సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ఒకమ్మాయి సాక్ష్యం కోసమని అలాగే పంపుకుంటే కంపెనీ సమాచారం బయటికి పంపిందని ఆమె మీదే విచారణ పెట్టారు, అసలు విషయం పక్కకి పోయింది.

ఇంకో సంగతి, వీసా. బయట దేశంలో ఉన్న అమ్మాయిలు ఎంత ఇబ్బంది ఉన్నా నోరు విప్పకపోవడానికి నాకు కనిపించిన పెద్ద కారణం ఇదే, ఉద్యోగం పోతే వీసా పోతుందని. కంప్లైంట్ ఇవ్వడం వేరు, ఉద్యోగం పోవడం వేరు. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నచోట ప్రమాదం ఎక్కువ కోపంలో రిజైన్ చేయడంలో ఉంటుంది, అది మాత్రం అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడక్కుండా చేయొద్దని గట్టిగా రాయండి. అలాగే కంప్లైంట్‌కి గడువు ఉంటుంది, దేశాన్ని బట్టి మారుతుంది, మన దగ్గర చట్టం ప్రకారం చివరి సంఘటన నుంచి మూడు నెలలు, అమెరికాలో ప్రభుత్వ కమిషన్‌కి ఇవ్వడానికి మామూలుగా 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. ఆమె ఉన్నచోట ఎంతో ముందే తెలుసుకుని డైరీ మొదటి పేజీలో రాసుకోమనండి.

ఇక మీ ఉత్తరం సంగతి. ఇది మీరు కొంచెం మనసు పెట్టి చదవాలి. కమిటీకి ఆలస్యంగా వచ్చిన అమ్మాయిల్ని "ముందు ఎవరికి చెప్పావమ్మా" అని అడిగేదాన్ని, అమ్మకి చెప్పాను అనేవాళ్ళు చాలామంది, అమ్మ ఏమంది అంటే తల దించుకునేవాళ్ళు. "నువ్వేమైనా నవ్వావా", "నువ్వెందుకు మాట కలిపావు", "అన్నీ వదిలేసి వచ్చేయ్". ఈ మూడు మాటల్లో ఏది వచ్చినా అమ్మాయి రెండో ఉత్తరం రాయదు. నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పిన్ని కూతురు ఇలాగే అడిగితే "కాస్త చూసీ చూడనట్టు పో" అన్నాను, అది తర్వాత ఏడాది పాటు ఎంత పడిందో నాకు చెప్పనేలేదు, వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. అది ఇప్పటికీ నా మనసులో ఉంది.

ఇంకొకటి, మీరు రాసినదాంట్లో అమ్మాయి ఏమనుకుంటోందో లేదు. అతని మనసులో ఏముందని అడిగింది గానీ తనకి అతనంటే ఏమిటో రాయలేదు. బహుశా మీరు ఏమనుకుంటారోనని ఆపుకుందేమో. ఒకవేళ తనకీ ఇష్టమే అయితే అప్పుడు ప్రశ్నే మారిపోతుంది, అతను ఆమె రివ్యూ రాసేవాడా, ఆమె జీతం అతని చేతిలో ఉందా అన్నది ముందు చూడాలి. ఉంటే ఇద్దరిలో ఒకరు టీమ్ మారేదాకా అడుగు వేయకపోవడం మంచిది, ఎందుకంటే రేపు చెడితే నష్టపోయేది కింద ఉన్నవాళ్ళే. అందుకని తప్పకుండా అడగండి, కానీ అనుమానంగా కాకుండా.

నేనైతే ఇలా రాస్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

"బంగారం, నాకు చెప్పినందుకు సంతోషం. అతను ఎలాంటివాడో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, నువ్వు కూడా చెప్పక్కర్లేదు. నీకు ఇబ్బందిగా ఉంది కదా, అది చాలు. రాత్రి మెసేజ్‌లు వద్దని ఒక్కసారి స్పష్టంగా రాసేయ్, కారణాలు చెప్పకు. తర్వాత మూడు వారాలు చూడు, ఏ రోజు ఏం జరిగిందో రాసుకో. అతను ఆగితే మంచిదే. ఆగకపోతే ఏం చేయాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం, అప్పుడు కూడా తప్పు నీది కాదు. నీకు అతనంటే ఇష్టం ఉన్నా నాకు రాయి, లేకపోయినా రాయి, నేనేమీ అనుకోను. ఆదివారం ఫోన్ చేస్తాను, ఆ రోజు దీని గురించి మాట్లాడాలనిపించకపోతే వేరే కబుర్లు చెప్పుకుందాం."

ఆ చివరి వాక్యం తీసేయకండి. ప్రతి ఫోన్‌లోనూ "అతని సంగతి ఏమైంది" అని మీరు అడుగుతుంటే ఆమె ఫోన్ ఎత్తడానికే వెనకాడుతుంది. మూడు వారాల తర్వాత అతను ఏం చేశాడో ఇక్కడ రాస్తే దాన్ని బట్టి తర్వాతి అడుగు చెప్తాను.